నిరుటి ధర

మార్కెట్ యార్డులో ఆయన్ని నిరుటాయన అంటారు. ఆ పేరు పెట్టింది అక్కడ సరుకు తూచే కాటా తాత. ఒక ఏడు మిరపకు మంచి ధర పలికిందని విని ఈయన మరుసటి ఏడు మిరప వేసుకొచ్చాడు. దాని ధర పడిపోయింది. ఆ ఏడు టమాటా పలికిందని ఆ పైఏడు టమాటా తెచ్చాడు. అదీ పోయింది. అప్పుడు బండి గేటు దాటి లోపలికి వస్తుంటే తాత కాటా బల్ల మీద దుమ్ము తుడుస్తూ, నిరుటి ధరను వెతుక్కుంటూ వస్తున్నాడయ్యా పెద్దమనిషి, అన్నాడు. హమాలీలు నవ్వారు. నవ్వులో పుట్టిన పేరు ఎవరు చెరిపినా పోదు. కొన్నాళ్లకు ఆయన భార్య కూడా కోపం వచ్చినప్పుడు ఆ పేరే వాడటం మొదలుపెట్టింది.

తెలివితక్కువవాడేం కాదు. ఏ నేలకు ఎంత తడి కావాలో మట్టి పిసికి చెప్పేవాడు. ఆకు వెనక్కి తిప్పి చూస్తే పురుగు ఎన్ని రోజులదో తెలిసేది. విత్తనం కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి, నలుగురిని అడిగి, నాణ్యం చూసి గానీ తెచ్చేవాడు కాదు. ఒక్క విషయంలోనే ఆయన లెక్క తప్పేది. ఏ పంట వెయ్యాలన్న ప్రశ్నకు పోయిన ఏడాది ధర జవాబు చెబుతుందని నమ్మేవాడు. నమ్మకపోతే మరి దేన్ని నమ్మాలి? రాబోయే ధర ఎవరి చేతిలోనూ లేదు. ఉన్నది పోయినదే. రైతును దేవుడని పొగిడేవాళ్లు సభకొకరు దొరుకుతారు కానీ, పక్కవాడు ఏం వేస్తున్నాడో చెప్పేవాడు ఒక్కడూ దొరకడు.

అన్నదమ్ములిద్దరివీ కలిపి నాలుగెకరాలు. పంచుకోలేదు. పంచుకోవలసిన అవసరం రాలేదు. తమ్ముడు పెళ్లి చేసుకోలేదు. వదిన చేతి అన్నం తిని, చేలోకి పోయి, చీకటి పడకముందే తిరిగొచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. పొలంలో ఒక ఎకరం నిమ్మతోట. తొంభై చెట్లు. అడవి నిమ్మ మొక్కలు పెంచి, వాటికి మంచి నిమ్మ కొమ్మల నుంచి అంటు కట్టింది తమ్ముడే. మొదటి వేసవిలో బావి అడుగంటితే కాలవ దగ్గర నుంచి కావడితో నీళ్లు మోసి, చెట్టుకో కడివెడు పోసి బతికించాడు. వాడికి తొంభైమంది పెళ్లాలు, నాకు ఒక్క తోడికోడలైనా లేదు, అని వదిన ఎగతాళి చేసేది. వాడు నవ్వేవాడు. ఆ చెట్లకు పదకొండేళ్లు.

ఉల్లి పిచ్చి పట్టిన ఏడు ఇలా మొదలైంది. అంతకు ముందటి ఏడు ఉల్లి వేసినవాళ్లు తక్కువ. వేసినవాళ్ల పంటను కోతలప్పుడు పట్టిన ముసురు సగం కుళ్లబెట్టింది. కిలో నలభై దాకా పోయింది. వీళ్ల ఊరి చివర ఒకాయన ఎకరన్నర ఉల్లి అమ్మి, ఇంటికి పైకప్పు వేయించి, ముందు గదికి ఆకుపచ్చ రంగు కొట్టించాడు. నిరుటాయన పొలానికి వెళ్లేటప్పుడల్లా ఆ ఆకుపచ్చ గోడను దాటాలి. అది ఆయన కంట్లో నలుసులా పడింది.

అదే ఏడు నిమ్మ ధర నేలకు దిగింది. కాయ కోసిన కూలీకి కూడా రాలేదు. చెట్ల కింద పసుపుపచ్చగా రాలి, వాసనేసి, ఈగలు ముసిరాయి.

ఒక ఉదయం నిమ్మతోట గట్టు మీద నిలబడి, తోట తీసేద్దామని తమ్ముడితో అన్నాడు. నాలుగెకరాలూ ఉల్లే. తమ్ముడు చెట్టుకున్న ఎండుపుల్లలు విరుస్తూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, మూడెకరాల్లో వేద్దాం, ఇది ఉంచుదాం, నిమ్మ ఎప్పటికీ ఇలాగే ఉంటుందా, అని. అన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రెండేళ్లుగా దిగుతూనే ఉందిగా, ఈగలకు మేత పెట్టడానికా మనం నీళ్లు కట్టేది? చుట్టుపక్కల అందరూ కొట్టేస్తున్నారు, మనమేమైనా వాళ్లకంటే తెలివైనవాళ్లమా?

"అందరూ కొట్టేస్తున్నారంటేనే కదన్నా ఉంచాల్సింది," అన్నాడు తమ్ముడు.

అన్న ఓరకంట చూసి నవ్వాడు. ఆ మాట ఆయన చెవిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనకు అది చెట్ల మీద మమకారంగానే వినిపించింది. మమకారం పెట్టుకుని సేద్యం చేస్తే చిప్ప చేతికొస్తుందని ఆయన సిద్ధాంతం. పెద్దవాడి మాటే మాటగా నడిచిన ఇల్లు అది. మధ్యాహ్నం అన్నం దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు. వదిన ఇద్దరి కంచాల వైపు మార్చి మార్చి చూసి, ఉల్లి లేకుండానే ఏడిపిస్తున్నారు కదయ్యా, అంది. ఎవరూ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లేస్తూ తమ్ముడు ఒకటే అన్నాడు.

"సరే అన్నా. నీ మాటే. కానీ ఇదే ఆఖరు. ఇదీ పోతే మళ్లీ నన్ను ఏం వేద్దామని అడగొద్దు. నేనుండను."

ఉండకపోతే ఎక్కడికి పోతాడులే అనుకున్నాడు అన్న. నలభై ఐదేళ్లు ఒకే గడప తొక్కినవాడు.

చెట్లు పెకలించే యంత్రం రెండు రోజుల పనికి మాత్రమే కుదిరింది. దానికి ఊళ్లో అంత గిరాకీ మరి, తోటలన్నీ ఆ వారమే పడుతున్నాయి. రెండో రోజు సాయంత్రానికి ఎనభై చెట్లు లేచాయి. యంత్రంవాడు ఇంకో పొలానికి పోవాలని గట్టు వెంట పది చెట్లు వదిలేశాడు. వాటిని గొడ్డలితో మోకాలెత్తున నరికి, మొదళ్లు అలాగే ఉంచేశారు. నరికింది అన్న. తమ్ముడు ఆ రెండు రోజులూ మోటారుకేదో చెడిందని బావి దగ్గరే ఉన్నాడు. మోటారుకు ఏమీ చెడలేదు.

ఉల్లినారు కోసం నారు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ ముప్పై ఏళ్లుగా నారు పెంచి అమ్ముతోంది. కొట్టం ముందు పొడుగ్గా మళ్లు, వాటి మీద నీడకు వల, ఒక మూల నీళ్ల తొట్టి, తొట్టి మీద తడిగోనె. తడిగోనె కింద కట్టలు కట్టిన నారు. అంతకు ముందు వెళ్లినప్పుడల్లా వంగ, మిరప, టమాటా, క్యాబేజీ అని మడికో రంగు కనిపించేది. ఈసారి ఏ మడి చూసినా ఉల్లే. సన్నగా, నిటారుగా, దువ్వినట్టు. రోడ్డు మీద బళ్లు వరసకట్టి ఉన్నాయి. ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు, సైకిల్ వెనక గంపలు. ముందు నేనంటే నేనని జనం తోసుకుంటున్నారు. ధర రెట్టింపు చెప్పినా ఎవరూ బేరం ఆడటం లేదు.

నిరుటాయనకు ఆ వరస చూసి గుండె నిండింది. ఇంతమంది ఎగబడి కొంటున్నారంటే ఉల్లిలో ఏదో ఉన్నట్టే, తన నిర్ణయం సరైనదే. ఇంటికి పోయి తమ్ముడికి చెప్పాలి ఈ సంగతి, అనుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు నిమ్మచెట్లు నరకడం కాదు. ఆ వరసలో నిలబడి సంతోషించడం. ఎందుకంటే నాలుగు నెలల తర్వాత మార్కెట్‌లో ఏం జరగబోతుందో ఆ రోడ్డు మీద అప్పుడే కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఒక్కొక్క బండీ రేపు బస్తాలతో వచ్చే బండే.

ఆయన వంతు వచ్చేసరికి పెద్దమ్మ దగ్గర మూడెకరాలకు సరిపడా నారే మిగిలింది. మిగతా ఎకరానికి పక్క ఊళ్లో తెచ్చుకొమ్మంది. నారు కట్టలు లెక్కపెడుతూ ఆయన మొహంలోకి చూసింది.

"నీ ముందు నలభై బళ్లు పోయాయి నాయనా. నీ వెనక ఎన్నున్నాయో చూసుకో."

"మంచిదేగా పెద్దమ్మా. నీకు పండగ."

"నాకు పండగే," అంది ఆవిడ. "నారు పోసేది నేను, మోసేది మీరు."

ఇంకేమీ చెప్పలేదు. చెప్తే వినేవాడు కాదని ఆవిడకు తెలుసు. వద్దంటే ఇంకో చోటికి పోతాడనీ తెలుసు.

పంట బంగారంలా వచ్చింది. అదే వచ్చిన తంటా. ఆ ఏడు ముసురు లేదు, తెగులు లేదు. నాలుగెకరాల్లో ఉల్లి గడ్డలు నేల చీల్చుకుని పైకొచ్చాయి. తమ్ముడు మాటామంతీ తగ్గించాడు కానీ పని తగ్గించలేదు. తడులు కట్టాడు, కలుపు తీయించాడు, ఆకు వాలగానే నీళ్లు ఆపాడు. పీకిన గడ్డల్ని ఆకులు కప్పి మూడు రోజులు ఆరబెట్టి, కాడలు కోసి, చెడ్డవి ఏరి, బస్తాలకు ఎత్తారు. ఏడు వందల బస్తాలు. అంత పంట ఆ పొలం ఎన్నడూ చూడలేదు. చుట్టూ ఉన్న పొలాలూ చూడలేదు. ఎటు చూసినా గులాబీరంగు కుప్పలే. నిరుటాయన ఎవరి కుప్పనూ చూడలేదు, తన కుప్పనే చూసుకున్నాడు.

మొదటి లోడు నూట యాభై బస్తాలు. అన్నదమ్ములిద్దరూ తెల్లవారుతూనే బయల్దేరారు. యార్డు గేటు ఇంకా అరకోసు దూరముండగానే బండి ఆగిపోయింది. ముందు బళ్లు, వాటి ముందు బళ్లు. డ్రైవర్లు దిగి చక్రాల నీడన పడుకుని ఉన్నారు. ఎవరిని కదిపినా ఉల్లే. గేటు లోపలికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. షెడ్ల కింద చోటు లేక నేల మీదే గుట్టలు పోశారు. గుట్టల మధ్య నడవడానికి దారి లేక మనుషులు గడ్డల మీదే నడుస్తున్నారు. కాళ్ల కింద ఉల్లి నలిగి, ఆ ఘాటుకు అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. అక్కడ ఎవరు ఏడుస్తున్నారో ఎవరు ఏడవడం లేదో పోల్చడం కష్టం.

వేలంపాట ఆయన కుప్ప దగ్గరికి వచ్చినప్పుడు ముగ్గురు వ్యాపారులు ఉన్నారు. ఒకడు గడ్డ తీసి నొక్కి చూశాడు. సరుకు బాగుంది అన్నాడు. కిలో మూడు అన్నాడు. ఇంకొకడు మూడుంపావు అన్నాడు. మూడోవాడు ఏమీ అనకుండా పక్క కుప్పకు నడిచాడు.

నలభై ఎక్కడ, మూడుంపావు ఎక్కడ. గోనెసంచి ఖరీదు, బండి కిరాయి, పీకిన కూలీ తీసేస్తే చేతి డబ్బే ఎదురు పెట్టుకోవాలి. నిరుటాయన నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాడు. దొంగలంతా కూడబలుక్కున్నారని, రైతు కష్టం రాబందుల పాలని, కాటా బల్ల మీద చెయ్యి కొట్టి తిట్టాడు. వ్యాపారులు విన్నారు. అలవాటే.

కాటా తాత ఆయన్ని పట్టుకుని బల్ల వెనక నీడలోకి లాగి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు.

"కూడబలుక్కునేవాళ్లు లేరనను. ఉన్నారు. తూకంలో కొట్టేవాళ్లూ ఉన్నారు, నా కాటా దగ్గర కాదులే. కానీ ఇవాళ్టిది అది కాదయ్యా. వాళ్ల కూడబలుకుడే అయితే నిరుడు నలభై ఎందుకిచ్చారు, నీ మీద ప్రేమా?"

నిరుటాయన గ్లాసు అందుకున్నాడు.

"ఉల్లి తినేవాడికి ఎన్ని పొట్టలు?" అన్నాడు తాత. "చవగ్గా ఉందని ఇల్లాలు కూరలో ఒకటికి రెండు వేస్తుంది. నాలుగు వెయ్యదుగా. తినేది అంతే. నిరుడు అంతకంటే కాస్త తక్కువొచ్చింది, ఉల్లి లేకపోతే కూర దిగదని జనం కొట్టుకుని కొన్నారు, ధర ఆకాశానికి పోయింది. ఈ ఏడు కావలసినదానికి రెండింతలొచ్చింది. మిగిలింది ఎవరు తింటారు? పోనీ దాచుకుందామంటే ఇది వానాకాలపు గడ్డ, నెల తిరక్కుండా మొలకొస్తుంది, కుళ్లుతుంది. కొనేవాడికి ఆ సంగతి తెలుసు, తెలిసినవాడు మూడే అంటాడు."

"ఇంత ఎలా వచ్చింది తాతా?"

తాత ఆయన వైపు చూశాడు. నవ్వుదామనుకుని మానుకున్నాడు.

"నిరుడు నలభై పలికింది కాబట్టి," అన్నాడు.

నిరుటాయన నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నారు పెద్దమ్మ కొట్టం ముందున్న వరస గుర్తొచ్చింది. అప్పుడు తన ముందున్న పసుపు ట్రాక్టరు ఇప్పుడు గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంది. వరసలో తన వెనక తోసినవాడు అదిగో, అటు గుట్ట మీద తలపట్టుకుని కూర్చున్నాడు. ఎవరికి వారు ఒంటరిగా, గుట్టుగా, ఎవరికీ చెప్పకుండా వేసిన ఎత్తు అందరిదీ ఒకటే. మంచి ధర చూసి తనొక్కడే ఉల్లి వేసి ఉంటే ధర పడేది కాదు. తనలాంటివాళ్లు పదివేలమంది అదే రోజు అదే గోడను చూసి అదే లెక్క వేశారు. అధిక ధర వాళ్లను పిలిచింది. వాళ్లు రావడమే ఆ ధరను చంపింది.

చేతులు కాలాక ఆకుల గురించి ఇంత వివరంగా తెలియడం వల్ల ఉపయోగం ఏమిటో ఆయనకు తెలియలేదు.

మొదటి లోడు మూడుంపావుకే ఇచ్చారు. మిగిలిన ఐదువందల యాభై బస్తాల్లో రెండు వందలు అలాగే పోయాయి, రెండుకూ రెండున్నరకూ. ఆ తర్వాత బండి కిరాయి కూడా రాదని తేలాక మిగతావి పాక కింద పోశారు. ఇరవై రోజులకు మొలకలొచ్చాయి. నెలకు నీళ్లు కారాయి. వదిన మంచివి ఏరి గంపల్లో ఊరంతా పంచబోయింది. ఊరంతా అదే పంచబోతోంది. ఆకుపచ్చ గోడాయన ఇంటి ముందూ కుప్ప ఉంది. ఆయన ఈసారి మూడెకరాలు వేశాడు.

కుళ్లినదంతా గోతిలో పోసి మట్టి కప్పిన రోజు తమ్ముడు స్నానం చేసి, రెండు చొక్కాలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకుని వచ్చాడు. యార్డులో హమాలీ పని దొరికిందట. కాటా తాత పెట్టించాడు. షెడ్డు వెనక గది, ముగ్గురితో కలిపి. వదిన వాకిట్లో నిలబడిపోయింది. నిరుటాయన అరుగు మీద నుంచి లేవలేదు. లేచి అడ్డం పడితే ఆగుతాడేమో అని అప్పుడు తట్టలేదు. తర్వాత చాలాసార్లు తట్టింది.

"నలభై ఆరేళ్లొచ్చి బస్తాలు మోస్తావురా? మన నేల ఉండగా?" అన్నాడు.

"నేల నీ దగ్గరే ఉంచుకో అన్నా. పంపకం అడగను." తమ్ముడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "అక్కడ ధర ఎంతైనా బస్తా బరువు ఒకటే. ఎత్తితే కూలి వస్తుంది. రేపేమవుతుందోనని చూడక్కర్లేదు."

"నా మీద అలిగి పోతున్నావు."

"అలిగితే చెట్లు నరికిన రోజే పోయేవాణ్ని."

వదిన లోపలికి వెళ్లి పచ్చడి సీసా తెచ్చి సంచిలో కుక్కింది. నిమ్మకాయ పచ్చడి. తోట ఆఖరి కాయలది. అది చూసి తమ్ముడు ఆవిడ కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు ఊరంతా ఉల్లి పేరెత్తితే చెంపలు వేసుకుంది. నిరుటాయన ఈసారి విత్తనాల దుకాణానికి పోలేదు, మార్కెట్ ధరలు అడగలేదు. సీజను మొదట్లో నాలుగు రోజులు వరసగా నారు పెద్దమ్మ కొట్టం ఎదుట, రోడ్డు అవతల కల్వర్టు మీద కూర్చున్నాడు. ఎవరు ఏం కొంటున్నారో చూశాడు. మిరపనారుకు వరస ఉంది. క్యాబేజీకి కొంచెం ఉంది. ఉల్లి మళ్లు రెండే ఉన్నాయి, వాటిలోనూ నారు ముదురుతోంది. నాలుగో రోజు పెద్దమ్మ రోడ్డు దాటి వచ్చి పక్కన కూర్చుంది.

"మడి కాపలాకు మనిషిని పెట్టుకోలేదే అనుకున్నా. నువ్వొచ్చావు."

"ఈ సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు పెద్దమ్మా?"

"ఏ సంగతి? ఏ నారుకు జనం కొట్టుకుంటే ఆ పంట పోతుందనా? పదేళ్లు అమ్మాక తెలిసింది. తప్పకుండా పోతుందని కాదు. వాన ఎటుపోయి ఎటొస్తుందో చెప్పలేం కదా. కానీ పదింట ఏడుసార్లు."

"మరి ఎవరికీ చెప్పవేం?"

"చెప్పా. ఒక ఏడు అందరికీ చెప్పా, టమాటా వద్దురా నాయనా, వంగ వెయ్యండి అని. విన్నారు. అందరూ వంగ వేశారు." ఆవిడ పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఏడు వంగ ఎంతకు పోయిందో అడుగు. పశువులు కూడా మొహం తిప్పుకున్నాయి. ఒక్కడికి చెబితే తెలివి, ఊరికి చెబితే మళ్లీ అదే గొర్రెదాటు, ఇటు కాకపోతే అటు. అప్పట్నుంచి నోరు మూసుకున్నా."

ఆయన ఎకరన్నరలో ఉల్లి వేశాడు. మిగతాది రెండు మూడు పంటలకు పంచాడు, ఒకటి పోతే ఒకటి నిలబడుతుందని. తమ్ముడు చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చింది సరిగ్గా అదే. వాడు ఉన్నప్పుడు అది పిరికితనం అనిపించేది.

నిమ్మ మొక్కలు కూడా అడిగాడు. అప్పటికి నిమ్మ ధర లేస్తోంది. చెట్లన్నీ కొట్టేశాక కాయ ఎక్కడి నుంచి వస్తుంది మరి. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మొక్కలు లేవు, పోయిన నెలలోనే అయిపోయాయి. ధర చూసి అందరూ ఎత్తుకుపోయారు. ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఉల్లికి నాలుగు నెలలు, నిమ్మకు నాలుగేళ్లు. ఈ మొక్కలన్నీ ఒక్కసారే కాపుకొస్తాయి, అప్పుడు మళ్లీ ఈగలే.

ఆ చలికాలం ఉల్లి ముప్పై రెండు పలికింది.

నిరుటాయన బండి యార్డులోకి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఎవరూ లేరు. షెడ్డులో ఆయన కుప్ప చుట్టూ వ్యాపారులు మూగారు. నీ పేరు మార్చాలేమోనయ్యా, అన్నాడు కాటా తాత. ఆయనకు నవ్వు రాలేదు. బస్తాలు ఎత్తే హమాలీల్లో తమ్ముడు ఉన్నాడు. చిక్కిపోయాడు. తల మీద మడతపెట్టిన గోనె, మెడ దగ్గర నల్లగా కాయలు కాసిన చర్మం. అన్న సరుకని ఎక్కువ జాగ్రత్తా లేదు, తక్కువా లేదు. బస్తా వీపు మీద వేయించుకోవడం, కాటా మీద దించడం, మళ్లీ రావడం. నూట అరవై బస్తాలు. ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క బస్తా దిగినప్పుడల్లా తన వీపు మీద దిగినట్టు ఉంది.

మధ్యలో పక్క ఊరి రైతు ఒకాయన వచ్చి, ఏం విత్తనం, ఎంత వేశావు, వచ్చే ఏడు మేమూ ఉల్లే పెట్టుకుంటాం, అన్నాడు. నిరుటాయన వద్దన్నాడు. నువ్వు పెట్టుకుంటే నీ ఊరంతా పెట్టుకుంటుంది, అప్పుడు ఇదుండదు, అన్నాడు. ఆ రైతు ఓరకంట చూసి నవ్వాడు. గుట్టు దాచుకుంటున్నావులే, దాచుకో, అన్నట్టు భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ నవ్వు తనకు తెలుసు. ఒకప్పుడు నిమ్మతోట గట్టు మీద తను నవ్విన నవ్వే.

తూకం అయిపోయాక తమ్ముడు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాడు. ఇంటికి రమ్మని అడగడానికే ఇంతదూరం వచ్చాడు. సరుకు వంక మాత్రమే. వదిన అడిగిందని, అరుగు అలాగే ఉందని, ఇప్పుడు పంటలు కలిపి వేస్తున్నానని, నువ్వన్నట్టే చేస్తున్నానని, వరస లేకుండా చెప్పాడు. తర్వాత జేబులోంచి తడిగుడ్డలో చుట్టిన కొమ్మ తీశాడు. గట్టు వెంట నరికిన మొదళ్లలో ఆరు చిగురించాయి. జానెడు పెరిగాయి. తీసుకొచ్చి చూపిద్దామని పొద్దున్నే కోసుకొచ్చాడు.

"చావలేదురా. చూడు. నీ చెట్లే."

తమ్ముడు చేతులు చొక్కాకు తుడుచుకుని కొమ్మ తీసుకున్నాడు. వేళ్ల మధ్య ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొమ్మ తిప్పి ముళ్లు చూశాడు. చాలా పొడుగు ముళ్లు.

"ఎక్కడి నుంచి వచ్చింది ఇది? నరికిన చోటుకు పైనా, కిందా?"

"కింద. నేల దగ్గర."

"ఇది మన నిమ్మ కాదన్నా. అంటు కింది నుంచి వచ్చింది. అడవి మొక్క." మెల్లగా చెప్పాడు, నొప్పించకుండా. "కాయ కాస్తుంది. చేదు. ఎవరూ కొనరు."

కుళాయి కారుతోంది. నిరుటాయన అడిగాడు, ఇక చేసేదేం లేదా, అని.

"దీనికే మళ్లీ అంటు కట్టొచ్చు. పడుతుంది. మూడేళ్లకు కాపుకొస్తుంది." తమ్ముడు కుళాయి బిగించాడు. "అప్పటికి ఊరందరి చెట్లూ కాస్తాయి. కిలో రెండు కూడా రాదు నీకు."

"ధర కోసం కాదురా."

తమ్ముడు మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, అది అన్నకు తెలిసింది. "నువ్వెప్పుడూ ధర కోసమే వేశావన్నా. తప్పని అనడం లేదు. ఎవరైనా అందుకే వేస్తారు. ధర కోసం కాకుండా వేసిన చెట్లు ఆ తొంభయ్యే."

షెడ్డులోంచి ఎవరో పిలిచారు. ఇంకో బండి వచ్చింది. తమ్ముడు కొమ్మను గుడ్డలో మళ్లీ చుట్టి, తడి ఆరకుండా కుళాయి కింద ఒకసారి పట్టి, అన్న చేతిలో పెట్టాడు. గోనె మడత తల మీద వేసుకున్నాడు. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. బండి దగ్గరికి వెళ్లి వీపు వంచాడు. పైనుంచి బస్తా దిగింది. ఒక అడుగు తడబడి, నిలదొక్కుకుని, కాటా వైపు నడిచాడు.

నిరుటాయన ఆ పూటంతా యార్డులోనే ఉన్నాడు. కాటా తాత డబ్బు లెక్కపెట్టి ఇస్తే చూసుకోకుండా జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, వదిన పంపిన పచ్చడి సీసా వెనక గది గుమ్మం దగ్గర పెట్టి, బండెక్కాడు. ఈసారి సీసాలో ఉన్నది కొన్న నిమ్మకాయల పచ్చడి. ఆ వారం నాలుగు నిమ్మకాయలు ఉల్లి కిలో అంత పలుకుతున్నాయి.